మట్టి తేమ కంట్రోలర్ మినీ ప్రాజెక్టు: మూడు ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లలో ఏది ఎంచుకోవాలి, అబ్‌స్ట్రాక్ట్ ఎప్పుడు ఎలా రాయాలి

మట్టి తేమ చూసి పంపు వేసి, ఆపే సర్క్యూట్ కట్టడానికి ఒక ఆదివారం చాలు. తేమ సెన్సార్, ఆర్డుయినో యూనో, రిలే మాడ్యూల్, నీళ్ళలో మునిగే చిన్న పంపు, కొన్ని వైర్లు ఉంటే పని అయిపోతుంది. చిక్కంతా రిపోర్టు మొదటి రెండు పేజీల దగ్గరే. ఒకే సర్క్యూట్ మీద కనీసం మూడు వేర్వేరు ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లు రాయొచ్చు. మూడూ పైకి ఒకలాగే కనిపిస్తాయి. కానీ ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి మీరు రెండు వారాలపాటు ఏం కొలవాలో, అబ్‌స్ట్రాక్ట్‌లో ఏ వాక్యం ధైర్యంగా రాయగలరో, వైవాలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో తేలిపోతాయి.

నా మినీ ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్ట్‌లో "ఈ విధానం నలభై శాతం నీటిని ఆదా చేస్తుంది" అని రాశాను. పరీక్షకు వచ్చిన మాస్టారు ఆ వాక్యం కింద వేలు పెట్టి, "దేనితో పోలిస్తే?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పోల్చడానికి రెండో కుండీయే లేదు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. తప్పు అబ్‌స్ట్రాక్ట్‌లో లేదు, దానికి ముందే రాసిన ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌లో ఉంది. అందుకే ఎంపిక అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను. నమూనా వాక్యాలు తెలుగులో ఇస్తున్నాను, మీ కాలేజీ ఏ భాషలో రిపోర్టు అడిగితే ఆ భాషలో రాసుకోండి.

మొదటి దారి: నీటి కొరత

ఎక్కువ రిపోర్టుల్లో కనిపించేది ఇదే. "వ్యవసాయంలో నీరు వృథా అవుతోంది. రైతులు మోటారు ఆపడానికి పొలానికి వెళ్ళాల్సి వస్తోంది. కాబట్టి ఆటోమేటిక్ నీటిపారుదల అవసరం."

ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది సమస్యలు పుట్టుకొచ్చే రంగం గురించి చెబుతోంది, మీ ప్రాజెక్టు తీర్చే సమస్య గురించి కాదు. మీ బల్ల మీద ఉన్నది ఒక కుండీ, నిమిషానికి లీటరు పైచిలుకు తోడే పంపు. పొలంలో ఎంత నీరు వృథా అవుతోందో ఈ కుండీ చెప్పలేదు. రైతు పొలానికి వెళ్ళే శ్రమ తగ్గిందో లేదో కూడా చెప్పలేదు. అంటే ప్రాజెక్టు పూర్తయ్యాక కూడా సమస్య తీరిందని చూపించడానికి మార్గం ఉండదు. ఒక ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ పనికొస్తుందో లేదో తేల్చడానికి నేను వాడే పరీక్ష ఇదొక్కటే: మీ నోట్‌బుక్‌లో ఏ అంకె కనిపిస్తే "తీరింది" అంటారు, ఏ అంకె కనిపిస్తే "తీరలేదు" అంటారు? మొదటి దారిలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. కాబట్టి దీన్ని ఇంట్రడక్షన్‌లో ఒకటి రెండు వాక్యాలకు పరిమితం చేయండి. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌గా వాడొద్దు.

రెండో దారి: టైమర్‌తో పోలిస్తే నీటి ఆదా

"రోజూ ఒకే సమయానికి ఒకే మొత్తంలో నీరు పోసే టైమర్, మట్టి అప్పటికే తడిగా ఉన్నా నీరు పోస్తుంది. తేమను బట్టి నీరు పోసే కంట్రోలర్ దీనికన్నా ఎంత తక్కువ నీరు వాడుతుంది?"

దీన్ని కొలవచ్చు, ఒకేలాంటి రెండు కుండీలు ఉంటే చాలు. ఇందులో ఒక ఉచ్చు ఉంది, చాలా రిపోర్టులు సరిగ్గా అందులోనే పడతాయి. ఉదాహరణకు తీసుకున్న అంకెలతో లెక్క వేసి చూద్దాం.

రెండు కుండీల్లోనూ ఒకే మట్టి, ఎండబెట్టి తూచితే రెండున్నర కిలోలు. ఒకే వయసు మొక్కలు, ఒకే కిటికీ పక్కన. పంపును కొలజాడీలోకి 30 సెకన్లు నడిపితే 600 మిల్లీలీటర్లు వచ్చాయి, అంటే సెకనుకు 20. టైమర్ కుండీకి రోజుకు 10 సెకన్లు, అంటే 200 మిల్లీలీటర్లు పోశారు. 14 రోజులకు 2800. సెన్సార్ కుండీలో పంపు 4 సెకన్ల చొప్పున మొత్తం 22 సార్లు నడిచింది. ఒక్కోసారికి 80 చొప్పున 1760 మిల్లీలీటర్లు. తేడా 1040, అంటే 37 శాతం ఆదా. అబ్‌స్ట్రాక్ట్‌లో రాసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది.

ఇప్పుడు అదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. సెన్సార్ కుండీ 14 రోజుల్లో 1760 తాగిందంటే, మొక్కకూ ఆవిరికీ కలిపి రోజుకు సుమారు 126 మిల్లీలీటర్లు ఖర్చవుతోంది. టైమర్‌ను 200కి బదులు 130కి పెట్టి ఉంటే మొత్తం 1820 అయ్యేది. అప్పుడు మీ ఆదా 60 మిల్లీలీటర్లు, అంటే 3 శాతం. కంట్రోలర్ మారలేదు, మొక్క మారలేదు. 37 కాస్తా 3 అయ్యింది, టైమర్‌ను ఎంతకు పెట్టారన్న ఒక్క కారణంగా. నీటి ఆదా శాతం మీ కంట్రోలర్ గుణం కంటే, పోలికకు మీరు ఎంచుకున్న టైమర్ ఎంత ఉదారంగా పోసిందో ఎక్కువ చెబుతుంది.

అందుకని రెండో దారి పనికిరాదని కాదు. దాన్ని ఎంచుకుంటే టైమర్ మొత్తాన్ని ఎలా నిర్ణయించారో ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌లోనే చెప్పాలి. నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. ప్రయోగానికి ముందు మూడు రోజులు కుండీని రోజూ ఒకే వేళకు తూచండి. నీరు పోయకుండా ఉంచితే రోజుకు ఎన్ని గ్రాములు తగ్గిందో అన్ని మిల్లీలీటర్లు ఖర్చయినట్టు. ఆ మూడు రోజుల్లో అత్యధికంగా తగ్గిన రోజు అంకెను టైమర్‌కు ఇవ్వండి. వేడి రోజున కూడా మొక్క ఎండకూడదనుకునే మనిషి టైమర్‌ను అలాగే పెడతాడు కదా. అప్పుడు మీ పోలికకు ఒక ఆధారం ఉంటుంది. రెండు కుండీల కింద పళ్ళేల్లోకి కారిన నీటిని కూడా విడిగా కొలిచి రాయండి, ఎందుకంటే అసలు వృథా అయ్యింది ఆ నీరే. వాడిన నీరు తక్కువైనంత మాత్రాన గెలుపు కాదు, మొక్కను ఎండబెట్టినా నీరు తక్కువే వాడతాం.

మూడో దారి: తేమను రెండు గీతల మధ్య నిలపడం

"ఒకే హద్దు మీద పనిచేసే తేమ కంట్రోలర్‌లో రిలే అదేపనిగా టకటకలాడుతుంది. పోసిన నీరు సెన్సార్‌ను చేరడానికి సమయం పడుతుంది కాబట్టి అవసరానికి మించి పోస్తుంది. సెన్సార్ వైరు ఊడితే పంపు ఆగకుండా నడిచే ప్రమాదం ఉంది. ఈ మూడింటినీ నివారిస్తూ కుండీ తేమను ఎంచుకున్న రెండు హద్దుల మధ్య నిలపగలమా?"

నా మొగ్గు దీనికే. ప్రాజెక్టు పేరులోనే కంట్రోలర్ అని ఉంది. కంట్రోలర్ చేయాల్సిన పని నీరు ఆదా చేయడం కాదు, తేమను చెప్పిన చోట నిలపడం. ఆదా దాని ఫలితంగా రావచ్చు. పైగా దీన్ని ఒక్క కుండీతో, పోలిక కుండీ లేకుండా, లాగ్ ఫైలు ఆధారంగా తేల్చవచ్చు.

ఇందులోని మూడు లోపాలూ నిజంగా ఎలా కనిపిస్తాయో తెలిస్తే ఈ దారి ఎందుకు బలమైనదో అర్థమవుతుంది.

మొదటిది రిలే టకటక. కెపాసిటివ్ సెన్సార్ వాడుతున్నామనుకుందాం. దాని అంకె మట్టి ఎండేకొద్దీ పెరుగుతుంది, తడిసేకొద్దీ తగ్గుతుంది. హద్దు 400 అని ఒకే అంకె పెట్టారు. మట్టి మెల్లగా ఎండుతూ 400 దగ్గరికి వచ్చింది. సెన్సార్ అంకె ఎప్పుడూ నిలకడగా ఉండదు, మట్టి మారకపోయినా రెండు మూడు అటూ ఇటూ ఊగుతుంది. 401 రాగానే పంపు వేస్తుంది, 399 రాగానే ఆపుతుంది. పైగా పంపు మొదలైన క్షణంలో సప్లై వోల్టేజీ కాస్త కుంగి అంకె ఇంకా ఊగుతుంది. వినడానికి రిలే పళ్ళు కొరుకుతున్నట్టు ఉంటుంది. దీనికి మందు రెండు హద్దులు. 430 దాటితే నీరు మొదలు, 360 కన్నా తగ్గితే ఆపు, మధ్యలో ఉన్నంతసేపు ఇంతకుముందు ఏం చేస్తున్నామో అదే.

```cpp
int v = analogRead(A0);
if (v < 200)      fault();
else if (v > 430) watering = true;
else if (v < 360) watering = false;
```

రెండోది ఆలస్యం. నీరు ఒకచోట పడుతుంది, సెన్సార్ ఇంకోచోట ఉంటుంది. 360 వచ్చేదాకా పంపును ఆపకుండా నడిపితే, ఆ అంకె కనిపించేసరికి కుండీ కింద పళ్ళెం నిండిపోతుంది. కాబట్టి `watering` నిజమైనంత మాత్రాన పంపును నడుపుతూ కూర్చోకూడదు. 4 సెకన్లు పోసి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ చదవాలి. ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడుగుతారు. ఒకసారి 80 మిల్లీలీటర్లు పోసి ప్రతి అర నిమిషానికి అంకె రాసుకుంటే, ఎంతసేపటికి అది తగ్గడం ఆగిపోయిందో తెలుస్తుంది. ఆ సమయమే మీ విరామం. మీ మట్టికి అది అయిదు నిమిషాలు కావచ్చు, ఇరవై కావచ్చు. ఇసుక మట్టిలో నీరు త్వరగా దిగుతుంది, బంకమట్టిలో నెమ్మదిగా.

మూడోది వైరు ఊడటం. ఆర్డుయినో అనలాగ్ పిన్ దేనికీ తగలకుండా వేలాడితే అంకెలు ఇష్టం వచ్చినట్టు వస్తాయి. అందులో 430కి పైన వచ్చిందంటే పంపు నడుస్తుంది. A0 నుంచి గ్రౌండ్‌కు ఒక మెగాఓమ్ రెసిస్టర్ కడితే, వైరు ఊడినప్పుడు అంకె సున్నా దగ్గరికి పడిపోతుంది. ఈ సెన్సార్‌లో చిన్న అంకె అంటే తడి అని అర్థం, కాబట్టి లోపం వచ్చినా పంపు ఆగే వైపే వెళ్తుంది. నీళ్ళలో ముంచినా మీ సెన్సార్ 290 కన్నా దిగకపోతే, 200 కన్నా తక్కువ వచ్చిందంటే అది తడి కాదు, లోపమే. పైన కోడ్‌లో `fault()` ఉన్నది అందుకే. పంపును ఆపి, ఎర్ర దీపం వెలిగించడం దాని పని. ఇంకో కాపలా కూడా పెట్టండి: వరుసగా ఆరుసార్లు పోసినా అంకె తగ్గకపోతే ఆగిపోవాలి. బకెట్‌లో నీళ్ళు అయిపోయి ఉండొచ్చు, గొట్టం జారి ఉండొచ్చు, సెన్సార్ పైకి లేచి ఉండొచ్చు. ఏదైనా సరే, ఇక పోయడం తప్పు.

ఈ మూడింటినీ వైవాలో మీ చేత్తో చూపించవచ్చు. వైరు పీకి చూపించగలిగిన రిపోర్టును ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

శాతం అనే మాటతో జాగ్రత్త

ఏ దారి ఎంచుకున్నా ఒక గుంట దాటాలి. చాలా ప్రోగ్రాముల్లో సెన్సార్‌ను గాలిలో పెట్టి వచ్చిన అంకెను సున్నా శాతం అనీ, నీళ్ళలో ముంచి వచ్చిన అంకెను వంద శాతం అనీ `map()` చేస్తారు. తెర మీద 40 అని కనిపిస్తుంది. రిపోర్టులో "తేమ 40 శాతం కన్నా తగ్గితే" అని రాసేస్తారు. అది మట్టి తేమ కాదు. సెన్సార్ చూపగల పరిధిలో ఎక్కడ ఉందో చెప్పే అంకె మాత్రమే. మట్టి శాస్త్రంలో తేమ శాతాన్ని కొలిచే ప్రామాణిక పద్ధతి బరువుల లెక్క: తడి మట్టిని తూచి, 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఒక రోజు ఎండబెట్టి మళ్ళీ తూచి, పోయిన నీటి బరువును ఎండిన మట్టి బరువుతో భాగించడం. 120 గ్రాముల తడి మట్టి 100 గ్రాములకు ఎండితే తేమ 20 శాతం.

కాబట్టి ఒక సాయంత్రం కేటాయించి సెన్సార్‌ను మీ మట్టికి సరిచూసుకోండి. పూర్తిగా ఎండిన మట్టిని కిలో చొప్పున నాలుగు డబ్బాల్లో తీసుకుని 100, 150, 200, 250 మిల్లీలీటర్ల నీరు బాగా కలపండి. అవి 10, 15, 20, 25 శాతాలు. ఆవిరి పోకుండా మూతపెట్టి రాత్రంతా ఉంచి, ఒకే లోతుకు గుచ్చి, మట్టిని ఒకేలా అదిమి అంకెలు చదవండి. మన ఉదాహరణలో 430 అంటే 12 శాతం, 360 అంటే 20 శాతం వచ్చాయనుకుందాం. ఇప్పుడు హద్దులకు ఒక అర్థం వచ్చింది. పైగా ఒక పాత లెక్క కూడా కలుస్తుంది: రెండున్నర కిలోల మట్టి 12 నుంచి 20 శాతానికి వెళ్ళాలంటే 200 మిల్లీలీటర్లు కావాలి. మన లాగ్‌లో 22 సార్లు పోయడం 9 విడతల్లో జరిగితే విడతకు సుమారు 196 అవుతుంది. తూకం, సెన్సార్, పంపు మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఇలాంటి సరిపోలిక ఒక్క వాక్యంగా రిపోర్టులో ఉంటే చదివేవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది. విడతకు 500 వస్తుంటే మాత్రం నీరు కిందకి కారుతోందని గానీ, సెన్సార్ ఎండు మూలలో ఉందని గానీ అనుమానించాలి.

ఇక్కడే సెన్సార్ ఎంపిక కూడా ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌తో ముడిపడుతుంది. రెండు లోహపు కాళ్ళున్న రెసిస్టివ్ సెన్సార్‌కు నిరంతరం కరెంటు ఇస్తే విద్యుద్విశ్లేషణతో కాళ్ళు తుప్పు పట్టి అరిగిపోతాయి. అదే తేమకు అంకె రోజురోజుకూ జరుగుతుంది. అరగంట డెమోకు అది చాలు గానీ, రెండు వారాలు తేమను నిలిపామని చెప్పాలంటే నిలిచే సెన్సార్ కావాలి. మూడో దారికి కెపాసిటివ్ తీసుకోండి. పై అంచున ఉన్న భాగాలకు తడి తగలకుండా గీత దాకా మాత్రమే గుచ్చండి. చేతిలో రెసిస్టివ్ మాత్రమే ఉంటే, దానికి కరెంటును ఒక డిజిటల్ పిన్ నుంచి చదివే క్షణంలో మాత్రమే ఇవ్వండి. ఏదైనా సరే ప్రయోగం ముగిశాక రెండు డబ్బాలతో మళ్ళీ సరిచూడండి. అంకె ఎంత జరిగిందో అది కూడా మీ ఫలితమే.

మీకు ఏది

ఒక్క కుండీ, ఒక సెన్సార్, రెండు వారాలు ఉంటే మూడో దారి. రెండు పంపులు, తూకం, రోజూ ఒకే వేళకు వచ్చి తూచే ఓపిక ఉన్న జట్టు అయితే రెండో దారి. కానీ టైమర్ లెక్క ముందే రాసిపెట్టుకోండి, ఫలితం చూశాక కాదు. సమయం పది రోజుల కన్నా తక్కువ ఉంటే రెండోదాని జోలికి వెళ్ళొద్దు. మట్టి నాలుగైదు సార్లు ఎండి తడిస్తే తప్ప నీటి మొత్తాల తేడా యాదృచ్ఛికం కాదని చెప్పలేం. మూడోది అయితే నాలుగు రోజుల లాగ్ ఉన్నా చాలు. వైరు పీకిన పరీక్ష, ఒక హద్దుకూ రెండు హద్దులకూ రిలే లెక్క, ఇవి ఒక్క పూటలో అయిపోతాయి.

రెండింటినీ ఒకే స్టేట్‌మెంట్‌లో కలపాలని అనిపిస్తుంది. కలపకండి. ప్రధాన సమస్య ఒకటే ఉంచి, వాడిన నీటి మొత్తాన్ని ఫలితాల్లో అదనంగా చెప్పండి.

మూడో దారికి పూర్తి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఇలా ఉంటుంది:

"కుండీ మొక్కలకు వాడే చవక తేమ కంట్రోలర్లు సాధారణంగా ఒకే హద్దు మీద పనిచేస్తాయి. దీనివల్ల హద్దు దగ్గర రిలే పదే పదే మారుతుంది, నీరు సెన్సార్‌ను చేరే ఆలస్యం వల్ల ఎక్కువ నీరు పడుతుంది, సెన్సార్ తెగితే పంపు నడుస్తూనే ఉండవచ్చు. రెండున్నర కిలోల మట్టి ఉన్న ఒక కుండీలో తేమను బరువు ప్రకారం 12 నుంచి 20 శాతం మధ్య 14 రోజుల పాటు నిలిపే కంట్రోలర్‌ను తయారుచేసి, పది నిమిషాలకోసారి తీసిన రీడింగుల్లో కనీసం 90 శాతం ఈ హద్దుల్లో ఉన్నాయో లేదో, సెన్సార్ వైరు తీసినప్పుడు పంపు ఆగుతుందో లేదో పరీక్షించడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. వర్షం, వేర్వేరు మట్టి రకాలు, ఒకటి కన్నా ఎక్కువ మొక్కలు దీని పరిధిలోకి రావు."

చివరి వాక్యాన్ని వదలొద్దు. పరిధి బయట ఏముందో మీరే రాసేస్తే, వైవాలో "వర్షం పడితే?" అన్న ప్రశ్నకు జవాబు ముందే కాగితం మీద ఉంటుంది. ఆ 90 శాతం ఎలా వచ్చిందని అడగవచ్చు. అది ముందే పెట్టుకున్న గురి అని చెప్పండి, దాచాల్సింది ఏమీ లేదు. ఇక స్టేట్‌మెంట్‌లో ఆర్డుయినో పేరు, రిలే మోడల్ రాయలేదని గమనించండి. సమస్యలో పరికరం పేరు వచ్చిందంటే అక్కడ పరిష్కారం చొరబడిందని అర్థం. "ఆర్డుయినో లేకపోవడం" ఎవరి సమస్యా కాదు.

అబ్‌స్ట్రాక్ట్: రెండు రకాలు, రెండు సమయాలు

అబ్‌స్ట్రాక్ట్ రెండు రకాలుగా రాయొచ్చు. వర్ణించేది, "ఈ రిపోర్టులో తేమ సెన్సార్ పనితీరు, సర్క్యూట్, ప్రోగ్రాం, ఫలితాలు చర్చించాం" అని చెబుతుంది. అది విషయసూచికను వాక్యాల్లో రాయడమే. ఫలితం చెప్పేది, ఏం చేశామో, ఎంత వచ్చిందో చెబుతుంది. ప్రయోగం చేసిన ప్రాజెక్టుకు రెండోదే సరైనది, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. మొదటిది ఏమీ కొలవని సర్వే రిపోర్టులకు సరిపోతుంది.

అయితే మొదటి రివ్యూకే అబ్‌స్ట్రాక్ట్ ఇమ్మంటారు, అప్పటికి ఫలితాలు ఉండవు. అక్కడే చాలామంది ఊహించి ఒక శాతం రాసి, చివరి రిపోర్టులో కూడా దాన్నే వదిలేస్తారు. మొదటి రివ్యూకు భవిష్యత్తు క్రియల్లో రాయండి: "నిలుపుతాం, కొలుస్తాం, 90 శాతం గురి." చివరి రిపోర్టుకు దాన్ని దిద్దకుండా పక్కన పెట్టి కొత్తగా, అయిపోయిన పనిగా రాయండి. పాతదాన్ని దిద్దితే ఎక్కడో ఒక "చేస్తాం" మిగిలిపోతుంది. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ అన్నిటికన్నా ముందు రాయాలి, చివరి అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా ఆఖరున.

మన ఉదాహరణ అంకెలతోనే చివరిది:

"ఒకే హద్దుతో పనిచేసే తేమ కంట్రోలర్లలో రిలే పదే పదే మారడం, ఎక్కువ నీరు పోయడం, సెన్సార్ తెగితే పంపు ఆగకపోవడం అనే లోపాలున్నాయి. ఈ ప్రాజెక్టులో కెపాసిటివ్ సెన్సార్, మైక్రోకంట్రోలర్, రిలేతో నడిచే పంపు వాడి, రెండు హద్దుల మధ్య, విడతలుగా నీరు పోసే కంట్రోలర్‌ను తయారుచేశాం. సెన్సార్‌ను బరువు పద్ధతిలో నాలుగు తేమ స్థాయిల వద్ద సరిచూశాం. 14 రోజుల్లో తీసిన 2016 రీడింగుల్లో 1870, అంటే 93 శాతం, 12 నుంచి 20 శాతం తేమ మధ్య ఉన్నాయి. పంపు 9 విడతల్లో మొత్తం 1760 మిల్లీలీటర్లు పోసింది. వైరు తీసిన 10 పరీక్షల్లోనూ పంపు ఆగింది. ఫలితాలు ఒకే మట్టికి, ఒకే కుండీకి వర్తిస్తాయి."

దీన్ని ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చదవండి. అక్కడ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇక్కడ ఒక వాక్యం ఉండాలి. ఇలా చదివితే ఒక లోటు దొరుకుతుంది: రిలే పదే పదే మారుతుందని ఫిర్యాదు చేశాం, కానీ ఎంత తగ్గిందో చెప్పలేదు. అంటే మట్టి హద్దు దగ్గర ఉన్నప్పుడు పాత పద్ధతిలో పది నిమిషాలు, కొత్త పద్ధతిలో పది నిమిషాలు నడిపి రిలే ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టి ఒక వాక్యం చేర్చాలి. పూట పని. దానికి వీలు లేకపోతే ఫిర్యాదునైనా తీసేయాలి. తిరగేసి కూడా చూడండి: స్టేట్‌మెంట్‌లో లేనిది అబ్‌స్ట్రాక్ట్‌లో కొత్తగా మొలిచిందా? ఫోన్‌లో చూసే సదుపాయం, భవిష్యత్తులో వాతావరణ సూచనతో కలపడం లాంటివి అలాగే చొరబడతాయి. వాటి చోటు వెనక ఉన్న ఫ్యూచర్ స్కోప్.

పదాల సంఖ్య విషయంలో మీ కాలేజీ చెప్పిందే నియమం. చెప్పకపోతే 150 నుంచి 250 పదాలు, ఒకే పేరా, బొమ్మలు, రిఫరెన్సులు లేకుండా.

గురి తప్పినప్పుడు ఏం చేయాలన్నది మిగిలింది. లాగ్ తెరిస్తే 93 కాదు, 71 శాతమే వచ్చిందనుకోండి. హద్దులను 10 నుంచి 22కి జరిపి మళ్ళీ లెక్కిస్తే 90 దాటుతుంది. అలా చేయాలని చెయ్యి లాగుతుంది, కానీ స్టేట్‌మెంట్‌లో 12 నుంచి 20 అని ముందే సంతకం చేసి ఇచ్చారు. దానికి బదులు ఆ 29 శాతం రీడింగులు ఏ వేళల్లో పడ్డాయో చూడండి. అన్నీ నీరు పోసిన వెంటనే వచ్చిన గంటలోనే ఉంటే విరామం చాలలేదు, ఆలస్యాన్ని తక్కువ అంచనా వేశారు. అన్నీ చివరి రోజుల్లో ఉంటే సెన్సార్ జరిగింది, ప్రయోగం తర్వాత సరిచూసిన డబ్బాలు ఆ సంగతి చెబుతాయి. మధ్యాహ్నాలే అయితే ఎండ వేడికి సెన్సార్ అంకె మారుతోంది, నిజంగా తేమ మారిందో లేదో కుండీ తూకం తేలుస్తుంది. అప్పుడు అబ్‌స్ట్రాక్ట్‌లో ఇలా రాయండి: "రీడింగుల్లో 71 శాతం హద్దుల్లో ఉన్నాయి, 90 శాతం గురి చేరలేదు. హద్దు దాటిన రీడింగుల్లో ఎక్కువ భాగం నీరు పోసిన గంటలోపు వచ్చాయి, అంటే పది నిమిషాల విరామం ఈ మట్టికి చాలదు."